డొక్కలు ఎగరేసిన ఆ మూడు రోజులు

ఇంటర్ ఫస్టియర్ పిల్లలకు తలతన్యత పాఠం చెప్పడం మొదలుపెట్టి పద్నాలుగేళ్లయింది. నీటిలో ఉన్న గాలి బుడగకు ఒకటే తలం కాబట్టి లోపలి అధిక పీడనం 2T/r, సబ్బు బుడగకు లోపలొకటి బయటొకటి రెండు తలాలు కాబట్టి 4T/r, ఈ రెండూ కలిపేసి మార్కులు పోగొట్టుకోకండిరా అని ప్రతి ఏడాదీ మొత్తుకుంటాను. మా బాబు పుట్టేదాకా నాకది బోర్డు మీది సూత్రమే. వాడు పుట్టాక మూడు రోజులు గుంటూరు కొత్తపేటలో ఒక ఆసుపత్రి ఎన్‌ఐసీయూ అద్దం దగ్గర నిలబడి చూసింది, అక్కడి డాక్టరమ్మనీ సిస్టర్లనీ అడిగి తెలుసుకున్నదీ రాస్తున్నాను. మాకు ఆ మూడు రోజుల్లో ఎవరైనా ఇలా విడమర్చి చెప్పి ఉంటే ఎంతో బాగుండేదనిపించింది, అందుకే.

మా ఆవిడకు అప్పుడు 29వ వారం. తెనాలిలో పుట్టింట్లో ఉంది. సోమవారం సాయంత్రం నుంచి నడుము లాగడం, మధ్యమధ్యలో పొట్ట గట్టిపడి వదలడం. దగ్గర్లో చూపిస్తే గ్యాస్ నొప్పి అని మందు రాసి పంపించేశారు, పరీక్ష కూడా చేయలేదు. బుధవారం తెల్లవారుజామున ఉమ్మనీరు పోయింది. ఇంకో డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తితే ఆవిడ వెంటనే ఒక ఇంజెక్షన్ చేసి, "ఇది మీ కోసం కాదమ్మా, లోపలున్న బిడ్డ ఊపిరితిత్తుల కోసం. పన్నెండు గంటలకొకటి చొప్పున నాలుగు పడాలి. కానీ ఇక్కడ కాన్పు చేయించుకోవద్దు, బిడ్డ పొట్టలో ఉండగానే గుంటూరు చేరిపోండి" అని అంబులెన్స్ ఎక్కించింది. పుట్టాక అంబులెన్స్‌లో తీసుకెళ్లడం కన్నా తల్లి కడుపులోనే తీసుకెళ్లడం బిడ్డకు చాలా మేలని తర్వాత తెలిసింది. నేనేమో ఆ పూట ఇన్విజిలేషన్ డ్యూటీలో ఉన్నాను, ఫోన్ బయట పెట్టేశాను. విషయం తెలిసేసరికి తొమ్మిదిన్నర.

ఆ ఇంజెక్షన్ డెక్సామెథసోన్, 6 మిల్లీగ్రాములు. అది తల్లి రక్తం నుంచి బిడ్డకు చేరి, ఊపిరితిత్తులు ఇంకా నాలుగైదు వారాల తర్వాత చేయాల్సిన పనిని ముందే మొదలుపెట్టిస్తుంది. కానీ దాని ప్రభావం బాగా కనిపించాలంటే మొదటి డోసు పడ్డాక కనీసం ఒక రోజైనా గడవాలి. మాకు ఆరు గంటలే దొరికాయి. సోమవారం నాడే అవి నెలలు నిండకుండా వచ్చిన కాన్పు నొప్పులని ఎవరైనా గుర్తుపట్టి ఉంటే నాలుగు డోసులూ పడేవి. ఆ ఒక్క మాట తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

పదకొండు దాటాక పుట్టాడు, 1180 గ్రాములు. ఏడ్చాడు కూడా, పిల్లిపిల్ల కూతలా సన్నగా. ఏడ్చాడంటే ఊపిరి బాగున్నట్టే కదా అని అత్తయ్య చేతులు జోడించి దణ్ణం పెట్టుకుంది. పావుగంటలో పరిస్థితి మారిపోయింది. నన్ను లోపలికి పిలిచినప్పుడు నేను చూసింది ఇదీ: అరచేయంత ఛాతీ, ఊపిరి తీసుకున్న ప్రతిసారీ పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పీక్కుపోతోంది, రొమ్ము ఎముక కింద బొటనవేలు పట్టేంత గుంట పడుతోంది, పొట్ట పైకి లేస్తుంటే ఛాతీ కిందికి కుంగుతోంది. ముక్కుపుటాలు ఎగురుతున్నాయి. మన ఊళ్లలో డొక్కలు ఎగరేస్తున్నాడు అంటామే, అచ్చంగా అదే. పైగా ఊపిరి వదిలిన ప్రతిసారీ "ఉమ్... ఉమ్..." అని మూలుగు.

"ఆకలేస్తోందేమో, కాసిని పాలు పట్టరా?" అంది అత్తయ్య అద్దం అవతలి నుంచి.

"అది ఆకలి మూలుగు కాదమ్మా" అంది సిస్టర్. "ఊపిరి మొత్తం బయటికి పోకుండా గొంతు సగం మూసుకుని పట్టి ఉంచుతున్నాడు. పోతే మళ్లీ తెరుచుకోవు."

ఏం తెరుచుకోవు? అక్కడే నా పాఠం మొదలైంది.

ఊపిరితిత్తుల చివర్లో గాలి తిత్తులుంటాయి కదా, వాటి లోపలి గోడ పొడిగా ఉండదు, పల్చటి నీటి పొర ఉంటుంది. లోపల గాలి, చుట్టూ నీరు. అంటే నీటిలో గాలి బుడగే, ఒకటే తలం, 2T/r. ఆ నీటి పొర ఎప్పుడూ ముడుచుకోవాలనే చూస్తుంది, తిత్తిని మూసేయాలని లోపలికి లాగుతుంది. పాల ప్యాకెట్ కవర్ కత్తిరించి నీళ్లతో తొలిపి పక్కన పెడితే కాసేపటికి రెండు పక్కలూ ఒకదానికొకటి అతుక్కుపోతాయి, విడదీయాలంటే గోటితో గీరాలి. పొడి కవర్ అయితే ఊదితే తెరుచుకుంటుంది. ప్లాస్టిక్ అదే, మధ్యలో చేరిన నీటి తడే తేడా. ఊపిరితిత్తి సాగడానికి ఎదురు నిలిచేది దాని కండ కన్నా ఎక్కువగా ఈ తడి తలమేనని 1929లోనే ఫాన్ నీర్‌గార్డ్ అనే శాస్త్రవేత్త చూపించాడు. ఊపిరితిత్తిని గాలితో నింపడం కన్నా ఉప్పునీటితో నింపడం చాలా తేలికని ఆయన గమనించాడు, ఎందుకంటే నీటితో నింపితే గాలికీ నీటికీ మధ్య తలమే ఉండదు.

ఆ రాత్రి మందుల బిల్లు వెనక లెక్క వేశాను. శరీర ఉష్ణోగ్రత దగ్గర నీటి తలతన్యత మీటరుకు 0.07 న్యూటన్లు. తిత్తి వ్యాసార్ధం అంచనాకు 50 మైక్రాన్లు అనుకుందాం.

```
2T/r = 2 × 0.07 / 0.00005 = 2800 Pa ≈ 28 సెం.మీ. నీటి పీడనం
```

ఉత్త నీటి పొరే ఉంటే ఆ తిత్తి మూసుకోకుండా ఆపడానికి అంత పీడనం కావాలి. మామూలుగా మనం కూర్చుని ఊపిరి తీసుకునేటప్పుడు ఊపిరితిత్తులను సాగదీసే పీడనం కొద్ది సెంటీమీటర్లు మాత్రమే. మరి మనం ఎలా బతుకుతున్నాం? తిత్తుల గోడల్లో రెండో రకం కణాలు కొన్ని ఉండి, కొవ్వూ కొద్దిగా ప్రొటీన్లూ కలిసిన ఒక పదార్థాన్ని తయారుచేసి ఆ నీటి పొర మీద పరుస్తాయి. అదే సర్ఫాక్టెంట్. సబ్బు లాంటిదే అని చాలామంది చెబుతారు, నాకూ మొదట అలాగే చెప్పారు, కానీ అసలు సంగతి ఆ పోలికలో జారిపోతుంది. సబ్బు తలతన్యతను కొంత తగ్గించి అక్కడే ఉంచుతుంది. సర్ఫాక్టెంట్ అలా కాదు. ఊపిరి వదిలినప్పుడు తిత్తి చిన్నదవుతుంది, దాని మీద పరుచుకున్న అణువులు ఒకదానికొకటి ఒత్తుకుపోతాయి, ఒత్తుకున్న కొద్దీ తలతన్యత ఇంకా ఇంకా పడిపోయి చివరికి దాదాపు సున్నా దగ్గరికి వస్తుంది. సూత్రంలో చూడండి, r తగ్గితే పీడనం పెరగాలి, కానీ r తో పాటు T కూడా తగ్గిపోతోంది కాబట్టి పీడనం పెరగదు. తిత్తి ఎంత చిన్నదైనా మూసుకోదు. పద్నాలుగేళ్లు ఆ సూత్రం చెప్పినవాణ్ణి, T ని స్థిరాంకంగా తప్ప ఎప్పుడూ ఊహించలేదు. మనిషి ఒంట్లో అది ప్రతి ఊపిరికీ మారుతోందని తెలిసి ఆ బిల్లు కాగితం వంక చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

ఈ పదార్థం తయారీ 24వ వారం ప్రాంతంలో మొదలై, సరిపడా పోగయ్యేసరికి 34, 35 వారాలు అవుతుంది. మావాడు 29.

ఇప్పుడు వాడి కష్టాన్ని అంకెల్లో పెట్టి చూడండి. ఒక సెంటీమీటరు నీటి పీడనం పెడితే ఊపిరితిత్తుల్లోకి ఎన్ని మిల్లీలీటర్ల గాలి వెళ్తుందో దాన్ని కంప్లయన్స్ అంటారు, సాగే గుణం అనుకోండి. వాడికి ఒక్కో ఊపిరికీ కావాల్సింది కిలోకి సుమారు 5 మిల్లీలీటర్లు, అంటే మొత్తం 6, ఒక చిన్న చెంచాడు. అంత బరువున్న బిడ్డకు ఊపిరితిత్తులు మెత్తగా ఉంటే కంప్లయన్స్ 2 దాకా ఉంటుంది, 3 సెంటీమీటర్ల పీడనంతో ఆ 6 మిల్లీలీటర్లూ వచ్చేస్తాయి. సర్ఫాక్టెంట్ లేని ఊపిరితిత్తికి అది 0.4కి పడిపోతే అదే చెంచాడు గాలికి 15 సెంటీమీటర్లు లాగాలి. ఒక్కో ఊపిరికీ పడే శ్రమ పీడనం, ఘనపరిమాణాల లబ్ధంలో సగం కాబట్టి ఐదు రెట్లయింది. పైగా నిమిషానికి 40 సార్లు తీసుకోవాల్సినవాడు 72 సార్లు తీసుకుంటున్నాడు. మొత్తం కలిపితే నిమిషానికి తొమ్మిది రెట్ల పని. అది కూడా ఎవరు చేస్తున్నారు, 1180 గ్రాముల బిడ్డ, కాగితమంత పల్చటి ఉదర వితానంతో. వాడి పక్కటెముకలు ఇంకా మెత్తగానే ఉన్నాయి, గట్టిపడలేదు. అందుకని వాడు బలంగా లాగితే గాలి లోపలికి రావడానికి బదులు ఛాతీ గోడే లోపలికి వచ్చేస్తోంది. డొక్కలు ఎగరడమంటే అదే, సగం శ్రమ వృథాగా పోవడం.

ఇంతకన్నా దారుణమైన విషయం ఇంకొకటుంది. మనకు ఊపిరి వదిలాక కూడా తిత్తుల్లో కొంత గాలి మిగిలే ఉంటుంది, కాబట్టి తర్వాతి ఊపిరి తేలిక. కొత్త బెలూన్ మొదటి ఊదుకే బుగ్గలు నొప్పి పుట్టేది, సగం ఊదాక సులువే కదా. మావాడికి ఊపిరి వదలగానే తిత్తులు మూతబడుతున్నాయి, మళ్లీ మొదటి నుంచి తెరవాలి. పుట్టగానే ప్రతి బిడ్డా ఒక్కసారి పడే ఆ మొదటి శ్వాస కష్టాన్ని వాడు నిమిషానికి 72 సార్లు పడుతున్నాడు.

మూలుగుతో వాడు సొంతంగా చేసుకుంటున్న పనినే ముక్కుకు పెట్టిన సీప్యాప్ గొట్టం ఇంకాస్త బాగా చేసింది. మా ఆసుపత్రిలో ఉన్నది నీటి బుడగల రకం. గాలి, ఆక్సిజన్ కలిపి ముక్కులోకి పంపిస్తారు, వదిలిన ఊపిరి వెళ్లే గొట్టం చివర ఒక సీసాలో నీళ్లలో 6 సెంటీమీటర్ల లోతున మునిగి ఉంటుంది. గాలి బయటికి రావాలంటే ఆ 6 సెంటీమీటర్ల నీటిని తోసుకుని బుడగలై రావాలి, అంటే బిడ్డ ఊపిరి వదిలాక కూడా లోపల అంత పీడనం మిగులుతుంది, తిత్తులు పూర్తిగా మూతబడవు. ఆ సీసా మీద సెంటీమీటర్ల గీతలున్నాయి. గళగళమని బుడగలొస్తుంటే ఆ శబ్దమే నాకు ధైర్యం. బుడగలు ఆగితే ఎక్కడో గాలి లీకవుతోందని, ముక్కు దగ్గర సరిచేయాలని సిస్టర్ చెప్పింది.

మధ్యాహ్నం ఒంటి గంటకు వాడికిచ్చే గాలిలో ఆక్సిజన్ 30 శాతం నుంచి 40కి పెంచాల్సి వచ్చింది. ఎక్స్‌రే తెచ్చి డాక్టరమ్మ లైటుకు పెట్టి చూపించింది. ఊపిరితిత్తులు నల్లగా ఉండాల్సిన చోట గరుకు అద్దంలా తెల్లగా, వాటి మధ్యలో గాలి గొట్టాలు మాత్రం చెట్టు కొమ్మల్లా నల్లగా కనిపిస్తున్నాయి. "సీప్యాప్ మీద 30 శాతం దాటితే మందు వేసేయడమే మంచిది, ఆలస్యం చేయకూడదు. మందు తెప్పిస్తున్నాను" అంది.

ఆ మందు వచ్చేలోపు జరిగింది నేను మర్చిపోలేను. మూలుగు తగ్గింది. నిమిషానికి 72 ఉన్న ఊపిరి 44కి వచ్చింది. డొక్కలు కూడా అంతగా ఎగరడం లేదు. అమ్మయ్య, సర్దుకున్నాడు అనుకుని బయటికొచ్చి అత్తయ్యకు చెప్పాను, ఆవిడ ఏడ్చేసింది సంతోషంతో. నేను మళ్లీ లోపలికి వెళ్లేసరికి సిస్టర్ పరుగున వచ్చి వాడి అరికాలు తట్టి కదిలిస్తోంది, డాక్టరమ్మ గ్లవ్స్ వేసుకుంటోంది. రక్తంలో ఆక్సిజన్ అంకె 78. వాడు సర్దుకోలేదు, అలిసిపోయాడు. కష్టపడే బిడ్డ ఉన్నట్టుండి నెమ్మదించాడంటే రెండే అర్థాలు, ఊపిరి తేలికైందా, లేక లాగే ఓపిక అయిపోయిందా. ఆ రెంటికీ తేడా పైకి ఊపిరి లెక్కలో తెలియదు, ఆక్సిజన్ అవసరం తగ్గిందా పెరిగిందా, ఒళ్లు గులాబీగా ఉందా పాలిపోయిందా, బిడ్డ కదులుతున్నాడా వేలాడిపోయాడా అన్నదాంట్లో తెలుస్తుంది. ఊపిరి తగ్గుతూ ఆక్సిజన్ అవసరం పెరుగుతోందంటే అది ప్రమాదం. తల్లిదండ్రులెవరైనా ఒక్క విషయమే గుర్తుపెట్టుకుంటామంటే నేను ఇదే చెబుతాను.

శ్వాసనాళంలోకి గొట్టం వేసి వెంటిలేటర్‌కు కలిపారు. మందు చిన్న సీసాలో వచ్చింది, ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి సీసాను సిస్టర్ గుప్పిట్లో పట్టుకుని వెచ్చబరిచింది, ఊపకుండా మెల్లగా తిప్పింది. లోపల పాలలాంటి తెల్లటి ద్రవం. పంది ఊపిరితిత్తుల నుంచి తీసిన సర్ఫాక్టెంట్ అని సంతకం పెట్టించుకునే ముందే చెప్పారు, ఆవు నుంచి తీసే రకాలూ ఉంటాయట. మోతాదు కిలోకి 200 మిల్లీగ్రాములు, మిల్లీలీటరులో 80 ఉంటాయి, వాడి బరువుకు దాదాపు 3 మిల్లీలీటర్లు. అంతే. ఆ కాస్త ద్రవం నేరుగా గొట్టంలోంచి ఊపిరితిత్తుల్లోకి వేశారు. వేసేటప్పుడు ఒక నిమిషం రక్తంలో ఆక్సిజన్ ఇంకా పడింది, నా కాళ్లు వణికాయి, ద్రవం దారికి అడ్డుపడి అలా అవుతుందట.

తర్వాత పావుగంటలో వాడికి ఇవ్వాల్సిన ఆక్సిజన్ 60 శాతం నుంచి 40కి, ఇంకాసేపటికి 28కి దిగింది. వెంటిలేటర్ తెర మీద ఆ శాతాన్ని చూపే FiO2 అంకె దిగుతుంటే ఒక్కొక్కటీ లెక్కపెట్టుకున్నాను. కానీ డాక్టరమ్మ ఆ తెర ముందు నుంచి కదల్లేదు. గండం గడిచింది కదా మేడం అంటే, "ఇప్పుడే జాగ్రత్తగా ఉండాలి, మాస్టారూ" అని, ఒక్కో ఊపిరికీ లోపలికి వెళ్లే గాలి ఎంతో చెప్పే Vt అంకె చూపించింది. మందుకు ముందు యంత్రం పైన 18, కింద 5 పీడనాల మధ్య ఊదుతుంటే, అంటే 13 సెంటీమీటర్ల తేడాతో, లోపలికి వెళ్లింది 5 మిల్లీలీటర్లు. గంట తర్వాత అదే 13కి 9 వెళ్తున్నాయి. ఊపిరితిత్తి మెత్తబడింది, పీడనం మాత్రం పాతదే. అలాగే వదిలేస్తే తిత్తి పగిలి గాలి ఛాతీలోకి చేరుతుంది, అప్పుడు ఊపిరితిత్తే కుప్పకూలిపోతుంది. ఆవిడ 18ని మెట్లు మెట్లుగా 13కి తగ్గించింది, తేడా 8 అయింది, ఊపిరి ఐదున్నర దగ్గర నిలబడింది. రాత్రి తొమ్మిదికి గొట్టం తీసేసి మళ్లీ బుడగల సీసాకు మార్చారు.

రక్తంలో ఆక్సిజన్ 100 ఉండేలా ఎందుకు పెట్టరని కూడా అడిగాను. ఇంత చిన్న పిల్లలకు 90 నుంచి 95 మధ్యనే ఉంచాలని, ఎక్కువైతే కంటి వెనక రక్తనాళాలు దెబ్బతింటాయని, నాలుగు వారాలకు కంటి డాక్టరు తప్పకుండా చూడాలని చెప్పింది. చూపించాం, బాగున్నాయి.

ఆ రాత్రి అద్దం బయట బెంచీ మీద కూర్చుని ఫోన్‌లో చదివాను. ఈ జబ్బుకు కారణం సర్ఫాక్టెంట్ లేకపోవడమేనని మేరీ ఎలెన్ ఏవరీ, జెరీ మీడ్ 1959లో తేల్చారు. 1963లో అమెరికా అధ్యక్షుడు కెనెడీ కొడుకు ఇదే జబ్బుతో రెండు రోజులు కూడా నిండకుండా చనిపోయాడు, నెలలు నిండటానికి ఐదారు వారాల ముందు పుట్టాడు, బరువు రెండు కిలోల పైమాటే, మావాడికి దాదాపు రెట్టింపు. అప్పటికి కారణం తెలుసు, వేయడానికి మందు లేదు. జపాన్‌లో ఫుజివారా దాన్ని బిడ్డల ఊపిరితిత్తుల్లోకి వేసి ఫలితం ప్రకటించింది 1980లో. ఆ తేదీలు చూసుకుంటూ తెల్లవార్లూ కూర్చున్నాను.

మందు అన్నిటినీ సరిచేయలేదు, అది కూడా చెప్పాలి. రెండో రోజు వాడు ఊపిరి తీసుకోవడమే మర్చిపోయేవాడు, పదిహేను ఇరవై సెకన్లు అలా ఉండిపోయి నీలంగా మారేవాడు. అది ఊపిరితిత్తుల లోపం కాదు, ఊపిరి తీసుకోమని చెప్పే మెదడు భాగం ఇంకా ఎదగకపోవడం. దానికి కెఫీన్ ఇచ్చారు, మన కాఫీలో ఉండేదే. పక్కటెముకల మెత్తదనానికి మందు లేదు, ఎదగాల్సిందే. మూడో రోజు వాడు మూత్రం బాగా పోశాడు, డాక్టరమ్మ మొహంలో మొదటిసారి నవ్వు చూశాను. ఊపిరితిత్తుల్లో చేరిన నీరు దిగిపోతోందన్న గుర్తట. ఆక్సిజన్ 21కి వచ్చింది, అంటే మనం పీల్చే మామూలు గాలి.

నాలుగో రోజు మా ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టి, సీప్యాప్ గొట్టాలతో సహా వాణ్ణి ఆవిడ గుండెల మీద పడుకోబెట్టారు. ఆవిడ ఏమీ మాట్లాడలేదు. కాసేపయ్యాక, "ఒక నిమిషం గడియారం చూడండి" అంది నాతో. చూశాను. ఆవిడ కళ్లు మూసుకుని, చర్మానికి తగులుతున్న వాడి పొట్ట కదలికలను పెదవులు కదుపుతూ లెక్కపెట్టింది.

"నలభై ఎనిమిది" అంది. "డొక్కలు ఎగరట్లేదు."